లాభం 90 నుంచి 54కి పడింది: వాటాదారుల సభలో ఎండీ ఏం చెప్పాలి, ఏ వరుసలో చెప్పాలి

ప్రశ్న: మా కంపెనీ లాభం ఈ ఏడాది బాగా పడిపోయింది. వార్షిక సభలో మా ఎండీ గారు చదవాల్సిన ప్రసంగం రాసే పని నా మీద పడింది. నిజం దాచొద్దు, అలాగని సభలో కంగారు పుట్టించొద్దు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? తప్పు మాదేనని ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

సమాధానం:

కలం పట్టుకునే ముందు మీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. పోయినేడాది లాభం దగ్గర మొదలుపెట్టి ఈ ఏడాది లాభం దాకా, ఏ కారణానికి ఎంత పోయిందో, ఎక్కడైనా ఎంత తిరిగి వచ్చిందో మెట్టు మెట్టుగా రాయించుకోండి. దీన్ని ప్రాఫిట్ బ్రిడ్జ్ అంటారు. ఇది చేతిలో లేకుండా రాసిన ప్రసంగంలో మాటలే ఉంటాయి, "సవాళ్లతో కూడిన సంవత్సరం" లాంటివి. బ్రిడ్జ్ ఉంటే సగం ప్రసంగం దానంతట అదే వస్తుంది. తప్పు ఎంతవరకు ఒప్పుకోవాలన్న మీ రెండో ప్రశ్నకూ అందులోనే జవాబు దొరుకుతుంది.

నేను పనిచేసిన ఒక కంపెనీ లెక్కతో చెబుతాను. అంకెలు గుర్తుపట్టకుండా మార్చాను, కథ మాత్రం అదే. ప్యాకింగ్ ఫిల్మ్ తయారుచేసే కంపెనీ. అమ్మకాలు 840 కోట్ల నుంచి 865 కోట్లకు పెరిగాయి. పన్నుకు ముందు లాభం 90 కోట్ల నుంచి 54 కోట్లకు పడింది. అంటే 36 కోట్లు, 40 శాతం తగ్గుదల.

ఎండీ గారు నాకు పంపిన మొదటి చిత్తుప్రతిలో కారణం ఒక్కటే: ముడిసరుకు ధరలు. అది అబద్ధమేం కాదు. ప్లాస్టిక్ రెజిన్ ధర పెరగడం వల్ల ఖర్చు 30 కోట్లు ఎక్కువైంది. మేం అమ్మకం ధర పెంచి 14 కోట్లు రాబట్టాం, 16 కోట్లు మా నెత్తిన పడ్డాయి. మరి మిగతా 20 కోట్లు ఎక్కడికి పోయాయి? కొత్త మెషిన్ లైన్ మొదలైంది, దాని తరుగుదల, వడ్డీ కలిపి 11 కోట్లు. అది సంపాదించింది 2 కోట్లే కాబట్టి నికరంగా 9 పోయాయి. డబ్బు కట్టని ఒక కస్టమర్ బాకీకి కేటాయింపు 6. పోయినేడాది స్థలం అమ్మితే వచ్చిన లాభం 8, ఈ ఏడాది అది లేదు. ఖర్చులు తగ్గించి మిగిల్చింది 3. పోయినవన్నీ కలిపితే 39, అందులో ఈ 3 తీసేస్తే సరిగ్గా 36.

ఇక్కడితో ఆగకూడదు. ప్రతి మెట్టు దగ్గరా ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఇదే గాలివాన మిగతా కంపెనీలకూ తగిలింది కదా, మనకే ఎందుకు ఎక్కువ తడిసింది? రెజిన్ ధర అందరికీ పెరిగింది. కానీ మా అమ్మకాల్లో మూడో వంతు ఇద్దరు పెద్ద కస్టమర్లకు ఏడాది పాటు ధర మారని ఒప్పందం మీద వెళ్లేది. 30 కోట్లలో మూడో వంతు, అంటే 10 కోట్లు, ఆ ఒప్పందాల వల్ల ఒక్క పైసా కూడా వెనక్కి రాలేదు. మిగిలిన 20లో 14 రాబట్టగలిగాం, ధర పెంచేలోపు జరిగిన ఆలస్యానికి 6 పోయాయి. బయటి కారణం అని నిజాయితీగా చెప్పగలిగేది ఆ 6 కోట్లే. ఒప్పందాల మీద సంతకం చేసింది మేమే.

లైన్ సంగతి కూడా అంతే. మెషిన్ సమయానికే వచ్చింది. కానీ దాని మీద తయారైన ఫిల్మ్‌ను కస్టమర్లు పరీక్షించి ఒప్పుకోవడానికి నెలలు పడుతుంది. ఆ శాంపిళ్ల పని మేం ఆలస్యంగా మొదలుపెట్టాం, అందుకే ఏడాది చివరికి లైన్ 40 శాతం సామర్థ్యంతోనే నడుస్తోంది. ఇక బాకీ పడ్డ కస్టమర్‌కు మా నిబంధన ప్రకారం 3 కోట్లు దాటి అరువు ఇవ్వకూడదు. బాకీ 8 కోట్లు అయ్యేదాకా సరుకు వెళుతూనే ఉంది.

కాగితం మీద ఈ లెక్క చూసి ఎండీ గారు చాలాసేపు మాట్లాడలేదు. స్థలం లాభం పక్కన పెడితే అసలు వ్యాపారంలో తగ్గుదల 28 కోట్లు. అందులో ఒప్పందాలవి 10, లైన్‌ది 9, బాకీది 6. మొత్తం 25 కోట్లు మా సొంత నిర్ణయాల మీదకే వస్తోంది. బయటి కారణం 6లోంచి ఖర్చుల్లో మిగిల్చిన 3 తీసేస్తే మిగతా 3. ఆయన చిత్తుప్రతి అందుకు పూర్తిగా తలకిందులుగా ఉంది.

తప్పు ఒప్పుకుంటే షేరు పడిపోతుందేమో అన్న భయం ప్రతి బోర్డు గదిలోనూ ఉంటుంది. దీని మీద ఫియోనా లీ, క్రిస్టఫర్ పీటర్సన్, లారిస్సా టీడెన్స్ 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. 14 కంపెనీల 21 ఏళ్ల వార్షిక నివేదికలు చదివారు. చెడు ఫలితాలకు తమ చేతిలో ఉన్న కారణాలు చెప్పిన కంపెనీల షేర్లు, బయటి కారణాలు చెప్పిన వాటి కంటే ఏడాది తర్వాత మెరుగ్గా ఉన్నాయని తేలింది. ఒప్పుకోవడం వల్లే షేరు పెరిగిందని దీన్నిబట్టి తేల్చేయలేం. బాగా నడిచే కంపెనీలే ధైర్యంగా ఒప్పుకుంటాయేమో కూడా. కానీ ఒప్పుకుంటే మునిగిపోతామన్న వాదనకు మాత్రం ఇందులో బలం దొరకదు. ఆలోచిస్తే సబబుగానే ఉంటుంది: అంతా వాతావరణం వల్లే జరిగిందంటే, మళ్లీ ఆ వాతావరణం వచ్చినప్పుడు ఈయన ఏమీ చేయలేడనేగా అర్థం?

ఇప్పుడు ప్రసంగానికి వద్దాం. మొదటి నిమిషంలోనే అంకె చెప్పించండి. కృతజ్ఞతలు, కంపెనీ చరిత్ర, అవార్డులు అన్నీ తర్వాత. సభలో కూర్చున్న వాళ్లకు అంకె ముందే తెలుసు, ఈయన ఎప్పుడు చెబుతాడా అని చూస్తుంటారు. ఆలస్యమైన కొద్దీ మిగతా మాటలేవీ చెవికెక్కవు. మేం చివరికి రాసిన ఆరంభం ఇలా ఉంది:

"అందరికీ నమస్కారం. ముందు లాభం సంగతి చెబుతాను. పన్నుకు ముందు లాభం పోయినేడాది 90 కోట్లు, ఈ ఏడాది 54 కోట్లు. 40 శాతం తగ్గింది. ఇది మంచి ఫలితం కాదు. ఎందుకిలా అయింది, అందులో మా పొరపాటు ఎంత, ఇప్పటిదాకా ఏం సరిదిద్దాం, ఏం ఇంకా సరికాలేదు, ఈ వరుసలో చెబుతాను. తర్వాత మీ ప్రశ్నలకు కావాల్సినంత సమయం ఉంచాం."

అమ్మకాలు పెరిగాయి కదా, దాంతో మొదలుపెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మా దగ్గరా అన్నారు. పెరిగిన 25 కోట్లలో 14 కోట్లు ధర పెంచడం వల్ల వచ్చినవే. సరుకు అంత ఎక్కువేం అమ్ముడుపోలేదు. ఎవరైనా లేచి "ఎన్ని టన్నులు పెరిగింది సార్?" అని అడిగితే ఆ గొప్ప అక్కడే గాలి తీసిన బుడగ అయ్యేది.

స్థలం అమ్మిన లాభం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. "అది తీసేస్తే తగ్గుదల 28 కోట్లే" అని చెప్పడం లెక్క ప్రకారం సరైనదే. కానీ పోయినేడాది ప్రసంగం బయటికి తీసి చూశాను. అందులో 90 కోట్లను "ఇప్పటిదాకా అత్యధిక లాభం" అని చెప్పుకున్నాం, స్థలం ఊసే లేదు. వచ్చినప్పుడు కలుపుకొని, పోయినప్పుడు తీసేయడం వాటాదారులకు ఇట్టే తెలిసిపోతుంది. ముందు వరుసలో పాత నివేదిక ఒళ్లో పెట్టుకుని కూర్చునే పెద్దాయన ప్రతి సభలోనూ ఒకరుంటారు. అందుకే ఇలా రాశాం:

"పోయినేడాది 90 కోట్లలో 8 కోట్లు స్థలం అమ్మితే వచ్చినవి. ఆ మాట అప్పుడే ఈ వేదిక మీద స్పష్టంగా చెప్పాల్సింది, చెప్పలేదు. దాన్ని పక్కన పెడితే వ్యాపారంలో వచ్చిన లాభం 82 నుంచి 54కి తగ్గింది. మమ్మల్ని ఆ అంకెతోనే కొలవమని అడుగుతున్నాను."

ఈ నాలుగు వాక్యాల కోసం లోపల రెండు రోజులు గొడవ జరిగింది. సభలో దాని మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

భాష దగ్గర ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఇంగ్లీషులో ప్రసంగం రాసి తెలుగులోకి తెచ్చేవాళ్లు దీన్ని అసలు గమనించరు. మనకు "మేము", "మనం" అని రెండు ఉన్నాయి. "ఈ ఏడాది మనం పొరపాటు చేశాం" అని ఎండీ అంటే, సభలో కూర్చున్న వాళ్లను కూడా తప్పులో కలిపేసుకున్నట్టు. డబ్బు పోగొట్టుకున్న మనిషికి అది చిర్రెత్తిస్తుంది. తప్పు చెప్పేటప్పుడు "మేము", ఒక్కరి నిర్ణయం అయితే "నేను". "మన కంపెనీ", "మన అప్పు", "మన మిగులు" అన్నచోట మాత్రం "మనం" వాడొచ్చు, ఎందుకంటే అవి నిజంగానే అందరివీ. అలాగే "నిర్ణయం తీసుకోబడింది", "అరువు ఇవ్వబడింది" లాంటివన్నీ వెతికి కొట్టేయండి. ఆ "బడింది" వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు దాక్కుని ఉంటారు. ఒప్పందాల గురించి మేం రాసింది:

"ముడిసరుకు ధర పరిశ్రమలో అందరికీ పెరిగింది. కానీ మన అమ్మకాల్లో మూడో వంతుకు ఏడాది పాటు ధర మార్చలేని ఒప్పందాలు ఉన్నాయి. పెద్ద ఆర్డర్లు చేజారకూడదని ఆ షరతుకు నేనే ఒప్పుకున్నాను. దాని ఖరీదు 10 కోట్లు. ఒక ఒప్పందం గడువు ముగిసింది, రెజిన్ ధరను బట్టి మూడు నెలలకోసారి ధర మారేలా కొత్తది రాసుకున్నాం. రెండోది ఇంకా నాలుగు నెలలు ఉంది. అప్పటిదాకా ఆ నష్టం కొంత కొనసాగుతుంది."

చివరి వాక్యం తీసేద్దామని చాలామంది అన్నారు. వచ్చే త్రైమాసికం ఫలితాల్లో ఆ నష్టం ఎటూ కనిపిస్తుంది. ఇప్పుడు చెబితే సమాచారం, అప్పుడు బయటపడితే దాచిన సంగతి.

ఇంతవరకూ నిజాయితీ గురించి. కంగారు పుట్టించకపోవడం అన్నది వేరే పని, "భయపడకండి" అని చెప్పడం వల్ల అది జరగదు. ఆ మాట వింటే భయపడాల్సింది ఏదో ఉందనే అనుకుంటారు. వాటాదారు మనసులో ఉన్న అసలు ప్రశ్న, కంపెనీ అప్పులు మోయగలదా అన్నది. దానికి అంకెతోనే జవాబు చెప్పాలి. మా వడ్డీ ఏడాదికి 18 కోట్లు. వడ్డీకి, పన్నుకు ముందు లాభం 72 కోట్లు, అంటే వడ్డీకి 4 రెట్లు. బ్యాంకు షరతు కనీసం 2.5 రెట్లు. ఇక్కడ కూడా పోయినేడాది అంకె పక్కనే పెట్టించాను: అప్పుడు స్థలం లాభం తీసేసినా 7 రెట్లకు పైనే ఉంది. "దూరం తగ్గింది, కానీ గీత దాటలేదు" అని ఎండీ గారు తన మాటల్లో చేర్చుకున్నారు. నాకు నచ్చింది, ఉంచాను.

డివిడెండ్ కూడా ఇదే చోట చెప్పాలి, ఎక్కడో చివర్లో కాదు. వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు 46 కోట్లు. అందులో అప్పు వాయిదాలకు 20, ఉన్న మెషిన్ల మరమ్మతులకు, మార్పిడికి 12 పోతే మిగిలేది 14. పోయినేడాది ఇచ్చిన డివిడెండ్ మొత్తం 24 కోట్లు. అంతే ఇవ్వాలంటే 10 కోట్లు అప్పు తేవాలి. "అప్పు తెచ్చి డివిడెండ్ ఇవ్వడం మీ డబ్బే మీకు వడ్డీతో అమ్మడం. అందుకే 14 కోట్లు సిఫారసు చేస్తున్నాం" అన్న వాక్యానికి సభలో తలలూపారు. లెక్క చెప్పకుండా "వివేకంతో తగ్గించాం" అని ఉంటే ఊపేవాళ్లు కాదు.

ఎండీ జీతం సంగతి ఎలాగూ అడుగుతారు. లాభంతో ముడిపడ్డ కమిషన్ ఎంత తగ్గిందో అడగకముందే ఒక్క వాక్యంలో చెప్పేయండి, త్యాగం చేసినట్టు మాత్రం రాయొద్దు.

భవిష్యత్తు దగ్గర ఎక్కువ ప్రసంగాలు తప్పటడుగు వేస్తాయి. పైన అంత నిజం చెప్పి, చివర్లో "వచ్చే ఏడాది పాత స్థాయికి చేరతాం" అని ఒక హామీ పడేస్తారు. రెజిన్ ధర ఎటు పోతుందో ఎవరికీ తెలియనప్పుడు లాభం మీద మాటివ్వడం అప్పు పత్రం మీద సంతకం పెట్టడమే. లాభం బదులు మన చేతిలో ఉన్న పనుల్ని, బయటివాళ్లు కూడా చూసి సరిచూసుకోగలిగే రూపంలో చెప్పించండి. మేం మూడు చెప్పాం: రెండో ఒప్పందం గడువు ముగిసేసరికి ధర షరతు మార్చుకోవడం లేదా ఆ వ్యాపారం వదులుకోవడం, కొత్త లైన్‌ను ఏడాది చివరికి 40 నుంచి 65 శాతం సామర్థ్యానికి తేవడం, అరువు పరిమితి దాటితే కంప్యూటర్‌లోనే బిల్లు ఆగిపోయేలా చేయడం, ఇది అప్పటికే అమల్లో ఉంది. రావాల్సిన బాకీ కోసం కోర్టుకు వెళ్లామని చెప్పాం కానీ, అది వస్తుందని ఏ లెక్కలోనూ వేసుకోలేదని కూడా చెప్పాం.

మీది లిస్టెడ్ కంపెనీ అయితే ఒక హెచ్చరిక. ఈ 65 శాతం లాంటి అంకె ఇంతకుముందు బయటపెట్టనిదైతే, సభలో మాత్రమే చెబితే చిక్కుల్లో పడతారు. షేరు ధరను కదిలించగల సమాచారం అందరికీ ఒకేసారి చేరాలి. కాబట్టి ప్రసంగం మొత్తం కంపెనీ సెక్రటరీ, లాయర్ చూడాలి, కొత్త అంకెలుంటే ఎక్స్చేంజీకి ముందే పంపాలి. కోర్టులో ఉన్న బాకీ గురించి వాడే ప్రతి మాటా లాయర్ చూడాల్సిందే. తప్పు ఒప్పుకోవడాన్ని లాయర్లు సాధారణంగా మెత్తబరుస్తారు. అప్పుడు పట్టు వదలకండి, "ఈ వాక్యంలో ఏ వాస్తవం ఇబ్బంది?" అని అడగండి. మా దగ్గర అలా అడిగితే, ఆయన అభ్యంతరం ఒక్క కస్టమర్ పేరు మీదే అని తేలింది.

రిహార్సల్ తప్పనిసరిగా పెట్టండి, గడియారం ఎదురుగా. ఎండీ గారు ఏ వాక్యం దగ్గర వేగం పెంచుతున్నారో గమనించండి. మా ఎండీ గారు "నేనే ఒప్పుకున్నాను" దగ్గర ప్రతిసారీ పరుగు పెట్టేవారు. ఆ వాక్యం తర్వాత కాగితంలో రెండు లైన్లు ఖాళీ వదిలి, తర్వాతి మాట కొత్త పేజీలో పెట్టాను. పేజీ తిప్పాలంటే ఆగక తప్పదు కదా. స్లైడ్ ఒక్కటి చాలు, బ్రిడ్జ్ బొమ్మ. అందులో మా నిర్ణయాల వల్ల పోయినవి ఒక రంగు, బయటి కారణం ఇంకో రంగు. ఏది ఏ రంగులోకి వెళ్లాలన్న వాదన సభకు ముందే, మీ గదిలోనే పూర్తయిపోవాలి.

ప్రశ్నల కోసం పదిహేను ఇరవై రాసుకుంటారు అందరూ, కానీ తేలికవి రాసుకుంటారు. మీ సేల్స్ హెడ్‌కు, పాత ఉద్యోగి ఒకరికి చెప్పి, ఎండీని నిజంగా ఇబ్బంది పెట్టే ఐదు ప్రశ్నలు పేరు లేకుండా రాయించండి. మాకు అలా వచ్చిన వాటిలో ఒకటి: "ఆ కస్టమర్ కట్టలేడని సేల్స్ వాళ్లకు ముందే తెలుసట కదా?" విచారిస్తే నిజమే, ఒక మెయిల్ ఉంది. సభలో సరిగ్గా అదే ప్రశ్న వచ్చింది. "అవును, సేల్స్ విభాగం నుంచి మెయిల్ వచ్చింది. దాన్ని చూసి సరుకు ఆపాల్సింది, మేం ఆపలేదు" అన్నారు ఎండీ గారు. అడిగినాయన ఇంకో ప్రశ్న సిద్ధం చేసుకుని లేచినట్టున్నాడు, కాసేపు అలాగే నిలబడి మైకు పక్కవాళ్లకు ఇచ్చేశాడు.